మిక్సర్ నుంచి కాలమ్ దాకా: పద్ధతిలో రాయని మిల్లీలీటరు

ఇంట్లో ఒకరైనా జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల కంపెనీలో పనిచేస్తుంటే హెచ్‌పీఎల్‌సీ అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. మాత్రలో అసలు మందు ఎంత ఉందో, దాంతోపాటు ఉండకూడని మలినాలు ఏ మేరకు చేరాయో తేల్చే యంత్రం అది. దాని దగ్గర పనిచేసేవాళ్లను బాగా సతాయించే చిక్కు ఒకటుంది. ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో విడివిడిగా కనిపించిన రెండు మలినాలు క్యూసీ ల్యాబ్‌కు వచ్చేసరికి దాదాపు కలిసిపోతాయి. పద్ధతి అదే, కాలమ్ అదే, ద్రావకాలూ అవే. మారింది యంత్రం ఒక్కటే.

కాలమ్ అంటే జానెడు స్టీలు గొట్టం. అందులో సన్నటి సిలికా రేణువులు దట్టించి ఉంటాయి. వాటి ఒంటినిండా నూనె స్వభావం ఉన్న పొడవాటి కార్బన్ గొలుసులు అతికించి ఉంటాయి. నీళ్లు ఎక్కువగా ఉన్న ద్రావకం పారుతున్నంతసేపూ నూనె స్వభావం ఉన్న పదార్థాలు ఆ గొలుసులను అంటిపెట్టుకుంటాయి. ఎసిటోనైట్రైల్ పాలు పెరిగేకొద్దీ పట్టు వదిలి ముందుకు కదులుతాయి. ఒకే పాళ్లలో కలిపిన ద్రావకాన్ని మొదటి నుంచి చివరిదాకా పంపితే కొన్ని పదార్థాలు మొదట్లోనే గుంపుగా వచ్చేస్తాయి, మరికొన్ని గంటైనా బయటికి రావు. అందుకే ఎసిటోనైట్రైల్‌ను 5 శాతంతో మొదలుపెట్టి నిమిషం నిమిషానికీ పెంచుకుంటూ పోతారు. దీన్నే గ్రేడియంట్ అంటారు.

యంత్రానికి 'ఇప్పుడు పెంచు' అని చెప్పిన క్షణానికీ ఆ పెరిగిన ద్రావకం కాలమ్‌ను తాకిన క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. గీజర్ ట్యాప్ తిప్పగానే వేడినీళ్లు రావు కదా, ముందు పైపులో నిలిచిన చన్నీళ్లు పోవాలి. ఇక్కడా అంతే. రెండు ద్రావకాలు కలిసే చోటు నుంచి కాలమ్ మొదలు దాకా ఉన్న మిక్సర్, గొట్టాలు, ఇంజెక్టర్ లూప్ అన్నిటిలోనూ పట్టే ద్రవాన్ని డ్వెల్ వాల్యూమ్ అంటారు. రెండు పంపులు విడివిడిగా తోసి, ఆ తర్వాత ద్రావకాలను కలిపే బైనరీ యంత్రాల్లో ఇది సాధారణంగా తక్కువ. ముందే కలిపి ఒకే పంపుతో తోసే క్వాటర్నరీ యంత్రాల్లో పంపు లోపలి భాగం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్ అండ్ డీలో బైనరీ యంత్రం, డ్వెల్ వాల్యూమ్ 0.4 మిల్లీలీటరు. క్యూసీలో క్వాటర్నరీ, 1.1 మిల్లీలీటర్లు. నిమిషానికి ఒక మిల్లీలీటరు ప్రవాహం. మొదటి 2 నిమిషాలు 5 శాతం దగ్గర ఆపి, ఆ తర్వాత పెంచాలని పద్ధతిలో ఉంది. అంటే క్యూసీలో గ్రేడియంట్ 0.7 నిమిషం ఆలస్యంగా కాలమ్‌ను చేరుతుంది. చివర్లో వచ్చే పీకులకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. అన్నీ కలిసి దాదాపు అంతే ఆలస్యమవుతాయి, వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది.

తంటా అంతా మొదట్లో వచ్చేవాటితోనే. ఆర్ అండ్ డీలో ఒక మలినం 6.0 నిమిషాలకు, రెండోది 6.5కు వచ్చాయనుకుందాం. మొదటిది ఎసిటోనైట్రైల్ పెరిగితే తప్ప కదలని రకం. రెండోది నీళ్లలోనే మెల్లగా నడుస్తూ ఉండే రకం. గ్రేడియంట్ ఆలస్యమైతే మొదటిది ఉన్నచోటే ఆగిపోయి 6.6కు వస్తుంది. రెండోది అప్పటికే సగం దారి నడిచేసింది కనుక 6.8కే వచ్చేస్తుంది. మధ్య దూరం 0.5 నుంచి 0.2 నిమిషానికి పడిపోయింది. పీకు అడుగు వెడల్పు 0.2 నిమిషం అనుకుంటే, దూరాన్ని వెడల్పుతో భాగించగా వచ్చే రిజల్యూషన్ 2.5 నుంచి 1.0కు దిగింది. కనీసం 1.5 ఉండాలని పద్ధతి అడిగితే ఈ యంత్రం మీద పరీక్ష మొదలుపెట్టడానికే వీల్లేదు. కాలమ్ సన్నదై ప్రవాహం నిమిషానికి 0.3 మిల్లీలీటరే ఉంటే అదే తేడా రెండు నిమిషాలు దాటుతుంది.

డ్వెల్ వాల్యూమ్‌ను కొలవడం కష్టమేమీ కాదు. కాలమ్ తీసేసి, దాని చోట ఒత్తిడి నిలబెట్టే సన్నటి గొట్టం బిగిస్తారు. ఒక సీసాలో నీళ్లు, రెండో సీసాలో 0.1 శాతం ఎసిటోన్ కలిపిన నీళ్లు పెట్టి, 20 నిమిషాల్లో మొదటిదాని నుంచి పూర్తిగా రెండోదానికి మారేలా గ్రేడియంట్ నడుపుతారు. డిటెక్టర్‌ను 265 నానోమీటర్ల దగ్గర ఉంచితే ఎసిటోన్ పెరుగుతున్న తీరు ఏటవాలు గీతగా కనిపిస్తుంది. అది సగం ఎత్తుకు 10 నిమిషాల దగ్గర చేరాలి. 11.1 దగ్గర చేరిందంటే ఆలస్యం 1.1 నిమిషాలు. దాన్ని ప్రవాహంతో గుణిస్తే డ్వెల్ వాల్యూమ్ వచ్చేస్తుంది. మిక్సర్‌నో ఇంజెక్టర్ లూప్‌నో మార్చినప్పుడు మళ్లీ కొలవాలి.

తేడా తెలిశాక సర్దుబాటు చేయొచ్చు. క్యూసీలో 5 శాతం దగ్గర ఆగే సమయాన్ని 2 నిమిషాల నుంచి 1.3కు తగ్గిస్తే గ్రేడియంట్ ఆర్ అండ్ డీలో చేరినప్పుడే కాలమ్‌ను చేరుతుంది. ఇలా గ్రేడియంట్ మొదలయ్యే సమయాన్ని డ్వెల్ వాల్యూమ్‌ను బట్టి జరుపుకోవడానికి ఫార్మకోపియాలు కూడా అవకాశమిస్తాయి. అసలు ఆగే సమయమే పెట్టకుండా సున్నా నుంచే పెంచేలా పద్ధతి రాస్తే తగ్గించడానికి ఏమీ మిగలదు. అప్పుడు గ్రేడియంట్ మొదలయ్యాక కాస్త ఆగి నమూనాను ఎక్కించాల్సి వస్తుంది, అన్ని యంత్రాలూ దానికి ఒప్పుకోవు. పద్ధతి రాసేటప్పుడే మొదట్లో ఒకటి రెండు నిమిషాలు వదలడం, తమ యంత్రం డ్వెల్ వాల్యూమ్ ఎంతో అందులోనే నమోదు చేయడం ఆర్ అండ్ డీ వాళ్లు తప్పక చేయాల్సిన పనులని నా అభిప్రాయం.

ఇక బ్యాచ్ మొదలుపెట్టే ముందు చేసే సిస్టమ్ సూటబిలిటీ. ముందుగా మందు లేని ఉత్త ద్రావకాన్ని, అంటే బ్లాంక్‌ను ఎక్కించి, మలినాలు వచ్చే చోట వేరే పీకులేవీ లేవని చూస్తారు. తర్వాత స్టాండర్డ్‌ను ఐదారు సార్లు ఎక్కించి పీకు వైశాల్యాలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కిస్తారు. అసలు మందు పరిమాణం తేల్చే పరీక్షల్లో ఆ తేడా 2 శాతం మించకూడదన్నది మామూలుగా పెట్టే హద్దు. చాలామంది కళ్లు ఈ అంకె మీదే నిలుస్తాయి. కానీ పై ఉదాహరణలోని క్యూసీ యంత్రం ఈ పరీక్షను ఏ ఇబ్బందీ లేకుండా దాటేస్తుంది. దాని ఆలస్యం ఎప్పుడూ ఒకటే, కాబట్టి ఆరు ఇంజెక్షన్లలోనూ ఒకే తప్పు ఒకేలా జరుగుతుంది. ఆ తప్పు బయటపడాలంటే విడిపోవడం కష్టమైన ఆ రెండు మలినాలనూ కలిపిన ద్రావణాన్ని ఎక్కించి రిజల్యూషన్ చూడాల్సిందే. తేలిగ్గా విడిపోయే జంటను ఎంచుకుంటే ఆ పరీక్ష ఉన్నా లేనట్టే.

మొదటి ఇంజెక్షన్‌లో పీకు ఒక చోట వచ్చి, రెండో దాని నుంచి వేరే చోట స్థిరపడితే కారణం చాలాసార్లు డ్వెల్ వాల్యూమ్ కాదు, కాలమ్ సరిగా సర్దుకోకపోవడం. గ్రేడియంట్ చివర ఎసిటోనైట్రైల్ ఎక్కువగా ఉన్న ద్రావకం పారుతుంటుంది. తిరిగి 5 శాతానికి దిగాక ముందు గొట్టాల్లో మిగిలింది కడిగిపోవాలి, తర్వాత కాలమ్ కుదురుకోవాలి. మామూలు 15 సెంటీమీటర్ల కాలమ్‌లో ద్రవం పట్టే చోటు మిల్లీలీటరున్నర దాకా ఉంటుంది. దానికి పది రెట్లు ద్రావకం పంపడం పాత అలవాటు, అంటే పావుగంట పైమాటే. ఆ సమయాన్ని కుదించినప్పుడు ప్రతి ఇంజెక్షన్‌కూ ఒకే వ్యవధి ఉండేలా చూసుకుని, లెక్కలోకి తీసుకునే ఇంజెక్షన్లకు ముందు ఒకటి రెండు బ్లాంక్ గ్రేడియంట్లు నడిపితే ఈ జారుడు చాలావరకు పోతుంది.

ఇవేవీ పరీక్షించాల్సిన అసలు నమూనాతో చేయకూడదు. ముందు ఒకసారి నమూనాను ఎక్కించి, ఫలితం ఎలా వస్తుందో చూసుకుని, ఆ తర్వాత అధికారికంగా పరీక్ష మొదలుపెట్టే అలవాటును అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరు నాటి డేటా ఇంటిగ్రిటీ మార్గదర్శకంలో సూటిగా తప్పుపట్టింది. సిస్టమ్ సూటబిలిటీకి స్టాండర్డ్‌నో, పరీక్షించే బ్యాచ్‌ది కాని వేరే కంట్రోల్ నమూనానో వాడాలి, ఆ ఇంజెక్షన్ల డేటాను కూడా భద్రపరచాలి. రిజల్యూషన్ 1.0 వచ్చిన రోజున క్యూసీ ఎనలిస్టు ఆ పీకులను చేత్తో గీతగీసి విడదీయకూడదు, బ్యాచ్ నమూనాలను ట్రేలో పెట్టకూడదు. సీక్వెన్స్ ఆపి, కారణం రాసి, రెండు యంత్రాల డ్వెల్ వాల్యూమ్ అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆగే సమయాన్ని 1.3 నిమిషాలకు మార్చడానికి అనుమతి తీసుకున్నాక ఆ జంట ద్రావణాన్ని మళ్లీ ఎక్కించాలి. పీకులు 6.0, 6.5 నిమిషాల దగ్గరికి తిరిగి వచ్చి, రిజల్యూషన్ హద్దు దాటితే అప్పుడు మొదటి నమూనా వయల్‌ను పెట్టొచ్చు.