మూడో తరగతి పెట్టెకు పైకప్పు ఎందుకు లేదు?

ఫ్రాన్సులో రైళ్లు కొత్తగా నడుస్తున్న రోజుల్లో కొన్ని మూడో తరగతి పెట్టెలకు పైకప్పు ఉండేది కాదు. ఎండైనా వానైనా ప్రయాణికులు భరించాల్సిందే. పైకప్పు ఖర్చుకు వెనకాడి కంపెనీలు ఇలా చేయలేదని ఇంజనీరు జూల్ డుప్యుయి 1849లో వివరించాడు. వాళ్ల గురి పేదవాడి మీద కాదు, పై తరగతి టికెట్టు కొనగల స్తోమత ఉండి కూడా మూడో తరగతి ఎక్కాలని చూసేవాడి మీద.

ఎవరి జేబులో ఎంత ఉందో కంపెనీకి తెలియదు. అందుకే రెండు రకాల టికెట్లు అందరి ముందూ పెట్టి, ఎవరికి తగినది వారే ఎంచుకునేలా ధరలు నిర్ణయిస్తుంది. దీన్నే అర్థశాస్త్రంలో రెండో స్థాయి ధరల వివక్ష అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాపారి పై తరగతికి 100 ఫ్రాంకుల వరకు, మూడో తరగతికి 60 వరకు ఇస్తాడు. కూలీ పై తరగతికి 50, మూడో తరగతికి 40 ఇవ్వగలడు. ఎవరి టికెట్టుకు వారి దగ్గర గరిష్ఠంగా, అంటే 100, 40 చొప్పున వసూలు చేద్దామంటే కుదరదు. వ్యాపారి 40 పెట్టి మూడో తరగతి ఎక్కితే అతనికి 20 మిగులుతుంది. 100 పెట్టి పై తరగతి ఎక్కితే ఏమీ మిగలదు. అతణ్ణి పై తరగతిలోనే ఉంచాలంటే అక్కడా 20 మిగల్చాలి, అంటే ధర 80 దాటకూడదు. ఇదే స్వయం ఎంపిక షరతు. కూలీకి ఇంకో షరతు వర్తిస్తుంది: అతని టికెట్టు 40 దాటితే అసలు ప్రయాణమే మానుకుంటాడు. మొత్తం రాబడి 120.

ఇప్పుడు పైకప్పు తీసేద్దాం. మూడో తరగతి విలువ కూలీకి 30కి, వ్యాపారికి 35కి పడిపోయిందనుకుందాం. టికెట్టు ధర 30 అయితే వ్యాపారికి అందులో మిగిలేది 5 మాత్రమే. కాబట్టి పై తరగతికి 95 అడగవచ్చు. రాబడి 125కి పెరిగింది. కూలీ దగ్గర పోయిన 10 కంటే వ్యాపారి దగ్గర వచ్చిన 15 ఎక్కువ.

అయితే ఈ ఎత్తుకూ ఒక హద్దుంది. ఒక వ్యాపారికి ఇద్దరు కూలీలుంటే పైకప్పుతో 160 వస్తుంది, తీసేస్తే 155 మాత్రమే. చౌక టికెట్టు కొనేవాళ్లు ఎక్కువైతే దాన్ని చెడగొట్టడం నష్టమే.

పెద్ద ప్యాకెట్టుకు ఇచ్చే తగ్గింపులోనూ ఇదే లెక్క ఉంటుంది. ఎక్కువ వాడేవాడు చిన్న ప్యాకెట్లతో సరిపెట్టుకోకుండా ఉండాలంటే, పెద్దదానిలో అతనికి కొంత మిగల్చాలి.

ధరల తేడా తయారీ ఖర్చు నుంచి వచ్చిందా, ఈ లెక్క నుంచి వచ్చిందా అన్నది చౌక రకాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది. 1990లో ఐబీఎం నిమిషానికి 10 పేజీలు ముద్రించే లేజర్ ప్రింటరుతో పాటు, 5 పేజీలే ముద్రించే చౌక రకాన్నీ అమ్మింది. రెండూ దాదాపు ఒకే యంత్రం. రెండోదాన్ని కావాలనే నెమ్మదింపజేశారు. అది పైకప్పు తీసేసిన పెట్టె లాంటిదే.