ఫొటో రాలేదు, “మందు?” వచ్చింది

మిర్చి తోటలో ఆకు ముడుచుకుంటే ఇప్పుడు రైతు దాన్ని కోసి పట్టుకెళ్లడం లేదు. ఫొటో తీసి ఉద్యాన అధికారికి వాట్సాప్‌లో పెడతాడు, కింద “మందు?” అని ఒక్క మాట రాస్తాడు. పొలంలో సిగ్నల్ అంతంతమాత్రం. ఒక్క మాట ఇట్టే వెళ్లిపోతుంది, బరువైన ఫొటో ఆగిపోతుంది. కొన్నిసార్లు ఫొటో చేరాక రైతే చెరిపేస్తాడు, విడిగా రాసిన మాట మిగిలిపోతుంది. రైతు మాత్రం అధికారి అంతా చూశారనే అనుకుంటాడు.

ఇక్కడ అధికారిని తప్పుదారి పట్టించేది ఖాళీ కాదు, పైన కనబడే పాత ఫొటో. పది రోజుల కిందట అదే రైతు పంపిన ఫొటోలో ఆకులు అంచులు పైకి లేచి పడవలా ఉన్నాయనుకుందాం. అది తామర పురుగు పని, పై ముడత. ఇప్పటి “మందు?” దానికి కొనసాగింపేమో అనిపించి, ఫిప్రోనిల్ లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అని రాసేయడం సులువే. కానీ రాకుండా పోయిన ఫొటోలో ఆకులు కిందికి ముడుచుకుని, తొడిమలు సాగి ఉంటే? అది నల్లి. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు లాంటిది కావాలి. తామర పురుగు మందుతో ఖర్చు పోతుంది, నల్లి ఉంటుంది. అందులోనూ సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే నల్లి ఇంకా పెరుగుతుంది.

“ఫొటో రాలేదు” అన్న మాట జవాబు చివర్లో పెట్టినా సరిపోదా? సరిపోదు. రైతు వెతికేది మందు పేరు. అది కనబడగానే ఫోను తీసుకెళ్లి పురుగుమందుల కొట్టులో చూపిస్తాడు. చివరి వాక్యం కొట్టువాడికీ అక్కర్లేదు. ఫోను తాళం తీయకముందే తెర మీద కనబడేదీ మొదటి ముక్కే. పైగా ఫొటో పంపాననుకున్న మనిషికి ప్రతి సలహా ఫొటో చూసి చెప్పినట్టే వినబడుతుంది. ఊహకు నిర్ధారణ విలువ వచ్చేస్తుంది.

కనుక జవాబు ఇలా ఉండాలి: “మీ ఫొటో నాకు రాలేదండీ. మళ్లీ పంపేదాకా ఏ మందూ కొట్టకండి. ఆకులు పైకి ముడుచుకున్నాయా, కిందికా?” ఆ చివరి ప్రశ్న లేకపోతే మొదటి మాట ఉత్త తప్పించుకోవడంలా తోస్తుంది. ఆ ప్రశ్న ఉంటే, సిగ్నల్ లేని రైతు కూడా “కిందికి” అని ఒక్క మాటతో పని ముందుకు నడుపుతాడు.

అలాగని ప్రతిసారీ ఫొటో కోసం ఆగక్కర్లేదు. “మిర్చి, లేత ఆకులు కిందికి ముడత, మందు?” అని రాస్తే, ఫొటో రాలేదని చెప్పి నల్లి సంగతి మాట్లాడవచ్చు. కానీ మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై ముడతలు పడితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కావచ్చు. వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు, పీకేయాల్సిందే. అందుకే మళ్లీ అడిగేటప్పుడు ఆకు అడుగు వైపు ఒకటి, మొక్క మొత్తం కనబడేలా ఒకటి పంపమనాలి.