పేరెత్తకుండా హెచ్చరించే మెయిల్

లండన్‌లో 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్ ఉంది. హెచ్ఐవీ, ఇతర లైంగిక వ్యాధులకు అక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవల కింద చికిత్స చేస్తారు. 2015 సెప్టెంబరులో ఆ క్లినిక్ నుంచి 781 మందికి ఒక న్యూస్‌లెటర్ వెళ్లింది. పంపిన ఉద్యోగి చిరునామాలను BCC గడిలో పెట్టాల్సింది పోయి To గడిలో పెట్టారు. దాంతో మెయిల్ అందుకున్న ప్రతి ఒక్కరికీ మిగతా వాళ్లందరి చిరునామాలూ కనిపించాయి. వాటిలో 730 చిరునామాల్లో పూర్తి పేర్లే ఉన్నాయి. ఆ జాబితాలో ఎక్కువమంది హెచ్ఐవీతో జీవిస్తున్నవారు. మరుసటి ఏడాది బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ క్లినిక్‌ను నడిపే ట్రస్టుకు లక్షా 80 వేల పౌండ్ల జరిమానా వేసింది.

దర్యాప్తులో మరో సంగతి బయటపడింది. 2010లోనే అదే ట్రస్టు ఫార్మసీ విభాగం నుంచి 17 మంది రోగులకు ఒక ప్రశ్నావళి వెళ్లింది. అప్పుడు కూడా చిరునామాలు To గడిలోనే పడ్డాయి. ట్రస్టు కొన్ని దిద్దుబాట్లు చేసింది. కానీ గుంపుగా మెయిల్ పంపేటప్పుడు చిరునామాలు ఏ గడిలో ఉన్నాయో మరోసారి చూసుకోవాలని సిబ్బందికి గుర్తుచేసే శిక్షణ మాత్రం పెట్టలేదు. 17 మంది దగ్గర నేర్వాల్సిన పాఠం 781 మంది దాకా వెళ్లింది.

చిన్న లీకు జరిగినప్పుడు సిబ్బంది అందరికీ వెళ్లే మెయిల్ చేయాల్సిన పని అదే. ఒక బల్ల దగ్గర జరిగిన పొరపాటు ఇంకో బల్ల దగ్గర జరగకుండా ఆపాలి. అలాగని పొరపాటు చేసినవాళ్లను నలుగురిలో నిలబెట్టకూడదు. ఈ రెండూ ఒకే మెయిల్‌లో కుదరాలంటే కొంత నేర్పు కావాలి.

ఒక ఎక్సెల్ షీట్ కథ

మన ఆఫీసుల్లో తరచూ జరగగలిగే ఉదాహరణ తీసుకుందాం. 200 మంది పనిచేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఏటా గ్రూప్ మెడిక్లెయిం పాలసీ రెన్యువల్‌కు వస్తుంది. ఉద్యోగుల పేర్లు, వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూడమని హెచ్‌ఆర్ విభాగం మేనేజర్లకు ఒక ఎక్సెల్ ఫైలు పంపింది. ఒక మేనేజర్ దాన్ని తన టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘మీ వివరాలు సరిచూసుకోండి’ అని రాశారు.

ఆ ఫైల్లో కంటికి కనిపించని ఇంకో షీట్ ఉంది. పోయిన ఏడాది ఎవరు ఏ ఆస్పత్రిలో, ఏ జబ్బుకు, ఎంత క్లెయిం చేశారన్నది అందులో ఉంది. హెచ్‌ఆర్‌లో ఎవరో దాన్ని హైడ్ చేశారు, తీసేయలేదు. షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Unhide నొక్కితే చాలు, మొత్తం బయటికొస్తుంది. గ్రూపులో ఒకరు అలాగే చూసి, వెంటనే మేనేజర్‌కు చెప్పారు. గంటలోపు ఫైలును గ్రూపులోంచి తీసేశారు.

ఇక్కడ మెయిల్ కంటే ముందు చేయాల్సిన పనులున్నాయి. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా డిలీట్ చేసినంత మాత్రాన, అప్పటికే ఫోన్లోకి దిగిన కాపీ పోయిందనుకోలేం. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగి, ఫైలు చెరిపేశామని వాళ్ల చేత చెప్పించుకోవాలి. ఇంకెవరికైనా పంపారా అని కూడా అడగాలి. అదే ఫైలు మెయిల్లో అందుకున్న మిగతా మేనేజర్ల దగ్గర కూడా తీయించాలి. ఔట్‌లుక్‌లో మెయిల్‌ను వెనక్కి తీసుకునే సౌకర్యం ఉన్నా, అది సంస్థ లోపలి మెయిళ్లకే పనికొస్తుంది. బయటి చిరునామాకు వెళ్లిన మెయిల్ విషయంలో దానిమీద ఆశ పెట్టుకోలేం.

తర్వాత, ఆ షీట్లో ఎవరి క్లెయిములున్నాయో వాళ్లకు చెప్పాలి. వాళ్లు ఈ సంగతిని అందరికీ వెళ్లే మెయిల్లో చదివి తెలుసుకోకూడదు. ఒక్కొక్కరినీ పిలిచి, ఏ వివరం ఎంతమందికి, ఎంతసేపు కనిపించిందో చెప్పాలి. ఈ రెండు పనులూ అయ్యాకే అందరికీ మెయిల్ వెళ్లాలి. షీట్ ఇంకా ఎవరి ఫోన్లోనో ఉండగానే మెయిల్ పంపితే, దాన్ని వెతుక్కోమని అందరికీ చెప్పినట్టవుతుంది.

పేరు లేకపోయినా పోల్చుకుంటారు

ఇలాంటి సందర్భంలో కోపం మీద రాసే మెయిల్ సాధారణంగా ఇలా ఉంటుంది:

‘నిన్న సాయంత్రం హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన ఒకరి నిర్లక్ష్యం వల్ల, సేల్స్ టీమ్ గ్రూపులోకి కొందరు ఉద్యోగుల గుండె ఆపరేషన్, సంతాన చికిత్స క్లెయిముల వివరాలు వెళ్లాయి. ఇలాంటివి ఇకముందు సహించేది లేదు. కఠిన చర్యలు తప్పవు.’

ఇందులో ఒక్క పేరూ లేదు. అయినా దాదాపు అన్ని పేర్లూ ఉన్నట్టే. హెచ్‌ఆర్‌లో నలుగురే ఉండి, కొత్తగా చేరింది ఒక్కరే అయితే ఆ మనిషెవరో మధ్యాహ్నం భోజనాల వేళకు ఆఫీసంతా తెలిసిపోతుంది. పోయిన ఏడాది రెండు నెలలు సెలవు పెట్టిన సహోద్యోగికి జరిగింది గుండె ఆపరేషనేనా అని కొత్తగా ఊహాగానాలు మొదలవుతాయి. వాట్సాప్ గ్రూపులో 20 మందికి తెలిసిన సంగతి ఈ మెయిల్‌తో 200 మందికి చేరుతుంది. లీకు గురించి రాసిన మెయిలే రెండో లీకవుతుంది.

మనిషిని పట్టించేది పేరొక్కటే కాదు. విభాగం, హోదా, రోజు, వేళ, ఏ టీమ్ అన్నవి రెండు మూడు కలిస్తే చాలు. అందుకే రాసిన మెయిల్‌ను పంపేముందు, జరిగిందేమిటో తెలియని ఒక సీనియర్ సహోద్యోగికి చూపించాలి. ‘ఇది చదివితే ఎవరు చేశారో, ఎవరి వివరాలు బయటపడ్డాయో మీకు తడుతుందా’ అని అడగాలి. తడితే, ఏ మాట వల్ల తట్టిందో ఆ మాట తీసేయాలి.

ఆ మెయిల్లో ఇంకో లోపం ఉంది. ‘కఠిన చర్యలు’ అన్న మాట చదివిన వాళ్లు రేపు తమ చేతిలో పొరపాటు జరిగితే చెప్పడానికి జంకుతారు. మన ఉదాహరణలో ఫైలు గంటలో దొరికింది. ఎందుకంటే చూసిన వ్యక్తి భయపడకుండా చెప్పారు. చెప్పకుండా ఉంటే ఆ ఫైలు రోజుల తరబడి ఫోన్ల మధ్య తిరిగేది. లీకులో నష్టం పెరిగేది ముఖ్యంగా ఈ చెప్పని గంటల్లోనే.

ఇలా రాస్తే సరిపోతుంది

అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు:

‘అందరికీ నమస్కారం. ఈమధ్య ఉద్యోగుల వ్యక్తిగత వివరాలున్న ఒక ఫైలు చూడాల్సినవారికే కాక మరికొందరికి కూడా చేరింది. మన సహోద్యోగి ఒకరు వెంటనే చెప్పడంతో దాన్ని తొందరగా ఆపగలిగాం. వారికి కృతజ్ఞతలు. ఆ వివరాలు ఎవరివో వారితో ఇప్పటికే నేరుగా మాట్లాడాం.

ఇకనుంచి మూడు పద్ధతులు పాటించండి. ఎక్సెల్ ఫైలు పంపేముందు File, Info, Check for Issues, Inspect Document నొక్కి, కనిపించని షీట్లు, వరుసలు ఉన్నాయేమో చూడండి. అవసరమైన భాగాన్ని కొత్త ఫైల్లోకి కాపీ చేసి అదే పంపండి. ఉద్యోగులు, కస్టమర్ల వివరాలున్న ఫైళ్లను వాట్సాప్‌లో పెట్టకండి.

మీకు సంబంధించని ఫైలు ఏదైనా వస్తే తెరవకండి, ఎవరికీ పంపకండి. వెంటనే డేటా భద్రత చూసే అధికారికి ఫోన్ చేయండి. పొరపాటు మీదే అయినా అలాగే చేయండి. వెంటనే చెప్పినవారిని తప్పుపట్టం. ఉద్యోగంలో చేరినప్పుడు మనందరం సంతకం చేసిన గోప్యత ఒప్పందం ఆఫీసులోనూ, ఇంటి నుంచి పనిచేసేటప్పుడూ, ఉద్యోగం మానేశాక కూడా వర్తిస్తుంది.’

ఇందులో జరిగిన పని ఉంది, చేసిన మనిషి లేరు. వ్యక్తిగత వివరాలన్నారు గానీ జబ్బు పేరు లేదు. ‘జాగ్రత్తగా ఉండండి’ అని ఊరుకోకుండా, ఏ మీట నొక్కాలో చెప్పారు. 2010లో లండన్ ట్రస్టు చేయనిది ఇదే. ఒప్పందం సంగతి చివర్లో ఒక్క వాక్యంలో గుర్తుచేశారు.

పంపే పద్ధతి కూడా ముఖ్యమే. పొరపాటు జరిగిన విభాగం అధిపతి సంతకంతో పంపితే, ఏ విభాగమో చెప్పేసినట్టే. సంస్థ మొత్తానికి బాధ్యులైన అధికారి పేరుతో పంపాలి. చిరునామాలు BCC గడిలో పెడితే, ఎవరైనా అందరికీ జవాబిచ్చి చర్చ లేవదీసే వీలుండదు. పొరపాటు చేసిన ఉద్యోగికి ఈ మెయిల్ ముందే చూపించాలి. వాళ్లతో మాట్లాడాల్సిన మాటలు వేరే గదిలో, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి.

చట్టం ఏమంటోంది?

మన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. పొరపాటున బయటపడినా అది ఉల్లంఘన కిందే వస్తుందని ఆ చట్టం చెబుతోంది. అది చిన్నదా, పెద్దదా అన్న తేడా చూపలేదు. డేటా పరిరక్షణ బోర్డుకూ, వివరాలు బయటపడిన ప్రతి వ్యక్తికీ తెలియజేయాలి. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. తగిన రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, ఉల్లంఘన గురించి తెలియజేయకపోతే 200 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.

కాబట్టి సిబ్బందికి పంపే మెయిల్ ఆ కబురుకు బదులు కాదు. ‘ఈ సంగతి ఎక్కడా మాట్లాడొద్దు’ అని అందులో రాయడమూ సరికాదు. బయటపడిన వివరాలను ఇతరులకు చెప్పొద్దనడం వేరు, తన వివరాలే బయటపడిన వ్యక్తిని ఫిర్యాదు చేయొద్దనడం వేరు.

పేరెత్తకపోవడానికీ ఒక హద్దుంది. ఎవరైనా కావాలనే, డబ్బు కోసమో కక్షతోనో సమాచారం బయటపెడితే అది శిక్షణతో సరిదిద్దే పొరపాటు కాదు. ఒప్పందం కింద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని నష్టం చేయాలనో, అక్రమ లాభం కోసమో వెల్లడిస్తే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అప్పుడు జరగాల్సింది విచారణ. అది కూడా సంబంధిత అధికారుల ముందే జరగాలి తప్ప అందరి ఇన్‌బాక్సుల్లో కాదు.

మీరు పనిచేసే చోట ఇలాంటి మెయిల్ రాయాల్సి వస్తే, పంపేముందు రెండు విషయాలు చూసుకోండి. ఇది చదివి ఎవరైనా ఒక మనిషిని పోల్చుకోగలరా? రేపు తన చేతిలో పొరపాటు జరిగిన ఉద్యోగి ఇది చదివి ధైర్యంగా ఫోన్ చేయగలరా? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని జవాబొచ్చే దాకా ఆ మెయిల్ పంపకండి.