రోజుకు 25 గుడ్లు తిన్న పెద్దాయన

1991లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 88 ఏళ్ల పెద్దాయన కథ ప్రచురించింది. ఆయన పదిహేనేళ్లకు పైగా రోజూ దాదాపు 25 గుడ్లు తిన్నారు. ఒక్కో సొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్! అయినా రక్త పరీక్షలో అంతా మామూలే. మరి తిన్నదంతా ఎటు పోయినట్టు?

అసలు మనం చుక్క కొలెస్ట్రాల్ తినకపోయినా కాలేయం దాన్ని తయారుచేస్తుంది. పిండిపదార్థాలు, కొవ్వు అరిగాక మిగిలే చిన్న ముక్కలే ముడిసరుకు. వాటిని అతికే పని ఎంత వేగంగా సాగాలో ప్రధానంగా హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ తేలుస్తుంది. స్టాటిన్ మాత్రలు అడ్డుకునేది దీన్నే.

కణం లోపలి పొరల్లో కొలెస్ట్రాల్ తగ్గితే, అక్కడి నుంచి ఒక ప్రోటీన్ ముక్క తెగి కేంద్రకంలోకి వెళ్తుంది. ఈ ఎంజైమ్‌నూ, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే గ్రాహకాలనూ ఎక్కువగా తయారుచేయిస్తుంది. కొలెస్ట్రాల్ నిండుగా ఉంటే ఆ ప్రోటీన్ కదలదు. పైగా ఉన్న ఎంజైమ్ కూడా త్వరగా నాశనమవుతుంది.

పెద్దాయనలో ఈ తయారీ కొంత తగ్గింది. అంతకన్నా పెద్ద విశేషం, ఆయన పేగు తిన్న కొలెస్ట్రాల్‌లో 18 శాతమే పీల్చుకుంది. కాలేయం దాన్ని పైత్యరస ఆమ్లాలుగా మార్చడం దాదాపు రెట్టింపైంది. అందరి ఒంటికీ ఇంత సర్దుబాటు చేతకాదు, కాబట్టి ఆయన్ని చూసి గుడ్ల ట్రే ఖాళీ చేయకండి!

ఉపవాసంలో మాత్రం కథ వేరు. ఇన్సులిన్ పడిపోతుంది, ఎంజైమ్ మందగిస్తుంది. అందువల్ల తిండి నుంచి కొలెస్ట్రాల్ రాకపోయినా తయారీ పెరగదు, తగ్గుతుంది.