మామిడి పిందెలు రాలేది గాలికా, చెట్టు రాలుస్తోందా?

పొద్దున్నే మామిడి చెట్టు కింద చూస్తే పిందెలు బోలెడు పడి ఉంటాయి. రాత్రి గాలి లేదు, వాన లేదు. మరి ఎవరు రాల్చారు? చెట్టే రాల్చింది. ఎలాగో ఈ రోజు చూద్దాం.

పిందె తొడిమలో ఒక చోట చిన్న చిన్న కణాలతో పల్చటి పొర ఉంటుంది. తెగేది అక్కడే. పిందె లోపల పెరిగే గింజ ఆక్సిన్ అనే హార్మోన్‌ని తయారుచేసి తొడిమలోకి పంపిస్తూ ఉంటుంది. అది వస్తున్నంతసేపు ఆ పొర గట్టిగా ఉంటుంది. పక్కనే ఇథిలీన్ అనే వాయువు ఉన్నా పెద్దగా పట్టించుకోదు.

ఇప్పుడు గింజ సరిగా కట్టలేదనుకోండి, లేదా చెట్టుకి నీళ్లు చాలలేదనుకోండి. ఆక్సిన్ తగ్గుతుంది, ఇథిలీన్ పెరుగుతుంది. అప్పుడు ఆ పొరలో ఎంజైములు పుట్టి, కణాలను అతికించి ఉంచే పెక్టిన్ జిగురుని కరిగించేస్తాయి. ఇక పిందె బరువే చాలు, ఊడిపోతుంది.

ఆకు కథ కూడా ఇదే. ముదిరేకొద్దీ ఆకులో ఆక్సిన్ తగ్గుతుంది, ఆకు పండుతుంది, రాలుతుంది. కావాలంటే ఇంట్లో కోలియస్ మొక్క మీద చూడండి. ఒక ఆకు రేకుని కత్తిరించి కాడని మాత్రం వదిలేయండి. ఆక్సిన్ పంపే రేకు లేదు కాబట్టి కొన్ని రోజుల్లో కాడ తనంతట తానే రాలిపోతుంది. తెగిన చివర ఆక్సిన్ పూస్తే మాత్రం ఇంకా చాలా రోజులు నిలుస్తుంది.

మామిడి రైతులు ఎన్‌ఏఏ కొట్టేది అందుకే. అది మనుషులు తయారుచేసిన ఆక్సిన్. పిందె బఠానీ గింజంత ఉన్నప్పుడు 20 పీపీఎం వాడతారు. అంటే లీటరు నీటికి 20 మిల్లీగ్రాములు. షాపులో దొరికే 4.5 శాతం మందైతే 10 లీటర్లకి సుమారు నాలుగున్నర ఎంఎల్.

"అంతేనా? డబుల్ వేస్తే ఇంకా బాగా నిలుస్తాయి కదా?" అనిపిస్తుంది. అక్కడే దెబ్బ పడేది! ఆక్సిన్ మోతాదు మించితే మొక్క తనే ఇథిలీన్ ఎక్కువ తయారుచేస్తుంది. ఆపడానికి కొట్టిన మందే రాల్చేస్తుంది. ఆపిల్ తోటల్లో కాయలు మరీ ఎక్కువైనప్పుడు, చిన్న పిందెలను పలచబరచడానికి ఇదే ఎన్‌ఏఏ వాడతారు.

మందు కొనే ముందు రాలిన పిందెని చేతిలోకి తీసుకోండి. తెగిన చోట గుండ్రంగా, నున్నగా ఉంటే చెట్టే వదిలేసింది. పీచులా చిరిగి ఉంటే గాలి తెంపింది. తర్వాత పిందెని కోయండి. లోపల గింజ ముడుచుకుపోయి ఉంటే, ఆ పిందె నిలిచేది కాదు. భూమి ఎండిపోయి ఉన్నా, పూతలో తేనెమంచు పురుగు ఉన్నా ముందు వాటి సంగతి చూడాలి. రాలడానికి కారణం అలాగే ఉంటే ఎన్‌ఏఏ ఒక్కటే ఆపలేదు.

ఒక పూగుత్తిలో వందల పూలున్నా చివరికి నిలిచేవి ఒకటో రెండో కాయలే. కాబట్టి కొంత రాలడం మామూలే. మీ చెట్టు కింద పిందెలు ఎలా తెగాయో చూసి కామెంట్‌లో చెప్పండి.