గుండె దడ – ఊపిరి లెక్క

పరీక్ష హాలు మెట్ల మీద మా రూమ్మేటు చతికిలబడ్డాడు. గుండె దడదడ, ఛాతీ బిగుతు, వేళ్ళు తిమ్మిరి. "పోతున్నాన్రా!" అన్నాడు. ఇదివరకు రెండుసార్లు వచ్చిందే. గుండెలో లోపం లేదని డాక్టరు చూసి చెప్పాడు కూడా. నిజానికి వాడి బాధ గాలి చాలక కాదు, ఎక్కువై. భయంతో గబగబా పీల్చి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. తిమ్మిరీ, కళ్ళు తిరగటమూ అందువల్లే. కనుక "గట్టిగా పీల్చు" అనే మన పెద్దమనుషుల సలహా పనికిరాదు.

పక్కన కూర్చుని లెక్కపెట్టాను: ముక్కుతో నాలుగంకెలు లోపలికి, మెల్లగా ఆరంకెలు బయటికి. కదలాల్సింది పొట్ట, భుజాలు కాదు. మొదట కుదరలేదు, మధ్యలో ఎగశ్వాస. అరచేతిని చల్లటి మెట్టు మీద ఆనించి, కనబడే అయిదు వస్తువులు చెప్పమన్నాను. "సైకిలు... గంట... వేపచెట్టు..." మాట మీదకి మనసు మళ్ళాక ఊపిరి లెక్కకొచ్చింది. ఈ దడ సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికెక్కి దిగుతుంది.

తర్వాత ఒళ్ళు హూనమౌతుంది. మంచినీళ్ళు, విశ్రాంతి, ఆ పూటకి కాఫీ, సిగరెట్టు వద్దు. ఆ చోటికి వెళ్ళటం మాత్రం మానకూడదు, మానితే భయం ముదురుతుంది. మొదటిసారి వచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఈ లెక్కలు కట్టిపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.