వీపీఎన్ వేస్తే నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది?

వీపీఎన్ ఆన్ చేయగానే వీడియో ఆగి ఆగి నడుస్తుంటే చాలామంది ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం దూరం.

హైదరాబాద్‌లో ఉండి న్యూయార్క్ సర్వర్ ఎంచుకున్నారనుకోండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఒక సైట్ తెరిచినా మీ సమాచారం ముందు న్యూయార్క్ వెళ్లి అక్కణ్నుంచి ఇక్కడికొస్తుంది. జవాబూ అదే దారిలో తిరిగొస్తుంది. ఒక్కో ప్రయాణం సుమారు 13 వేల కిలోమీటర్లు, నాలుగు ప్రయాణాలకు 52 వేలు. ఫైబర్ కేబుల్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ఎంత మంచి నెట్ ఉన్నా 260 మిల్లీసెకన్లు తప్పదు. కేబుళ్లు తిన్నగా ఉండవు గనక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా ఒక పేజీ తెరుచుకోవడానికి ఇలాంటి రాకపోకలు ఎన్నో జరగాలి.

అందుకే దగ్గరి సర్వర్ ఎంచుకోవాలి. అయితే యాప్‌లో ‘ఇండియా’ అని ఉన్నంత మాత్రాన సర్వర్ ఇక్కడ ఉన్నట్టు కాదు. వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించాక, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ వంటివి మన దేశంలోని సర్వర్లను తీసేశాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ అప్పట్లో భారతీయ అడ్రసును సింగపూర్, బ్రిటన్‌లలోని యంత్రాల నుంచి ఇచ్చింది. సర్వర్ పేరు పక్కన ‘వర్చువల్’ అని ఉందేమో చూడండి.

తర్వాత చూడాల్సింది ప్రొటోకాల్. సెట్టింగ్స్‌లో వైర్‌గార్డ్ ఉంటే అదే పెట్టుకోండి, తేలికైనది. ఓపెన్‌వీపీఎన్ అయితే యూడీపీ ఎంచుకోండి. టీసీపీలో ఒక ప్యాకెట్ దారిలో పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగుతాయి. మీరు చూసే సైట్ కూడా టీసీపీ మీదే నడుస్తుంటే, లోపలిదీ బయటిదీ రెండూ పోయినదాన్ని మళ్లీ పంపే పనిలో పడతాయి. సిగ్నల్ సరిగాలేని చోట వేగం ఒక్కసారిగా పడిపోయేది ఇందుకే. యూడీపీని అడ్డుకునే హోటల్, ఆఫీసు వైఫైల్లో మాత్రం టీసీపీయే దిక్కు.

లోపం ఎక్కడుందో మీరే తేల్చుకోవచ్చు. స్పీడ్ టెస్ట్‌లో మీ ఊరి సర్వర్‌నే ఎంచుకుని, వీపీఎన్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి. పింగ్ బాగా పెరిగితే ముందు దూరాన్ని అనుమానించండి. పింగ్ పెద్దగా మారకుండా డౌన్‌లోడ్ వేగం పడిపోతే ప్రొటోకాల్ మార్చి చూడండి. రాత్రిళ్లు మాత్రమే అలా అవుతుంటే ఆ సర్వర్ మీద రద్దీ ఎక్కువైందేమో, దగ్గర్లోని వేరేది ప్రయత్నించండి.

సొంత ఇంటి నెట్‌లో గేమ్ ఆడేటప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు వీపీఎన్ ఆపేయడమే మేలు. విదేశీ అడ్రసు కనబడితే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. పూర్తిగా ఆపడం ఇష్టం లేకపోతే స్ప్లిట్ టన్నెలింగ్‌లో ఆ ఒక్క యాప్‌ను బయట పెట్టండి. ఆఫీసు ఇచ్చిన వీపీఎన్‌ను మాత్రం ఐటీ విభాగాన్ని అడగకుండా ఆపకండి. రైల్వేస్టేషన్ వైఫై లాంటి చోట్ల కాస్త నెమ్మదైనా ఆన్‌లోనే ఉంచండి.